పుస్తకంలో బాకీ ఒకరి పేరున, అసలు బాకీ మరొకరిది: నెల్లూరులో 12 అద్దెల లెక్క

నెల్లూరు ఓనరు గారొకరికి నాలుగు చోట్ల ఆస్తులున్నాయి. వేదాయపాలెంలో మూడంతస్తుల ఇల్లు, ఆరు పోర్షన్లు. పొగతోటలో మూడు షాపులు, అందులో ఒకటి ల్యాబ్ నడిపే కంపెనీది. స్టోన్‌హౌస్‌పేటలో ఒక గోడౌన్. కావలిలో రెండు పోర్షన్లు. అంతా కలిపి 12 అద్దెలు. ఆయనకు డెబ్బై దాటాయి. లెక్కంతా ఒక పొడుగు పుస్తకంలో ఉంటుంది. ఎడమవైపు పేర్లు, పైన నెలలు, డబ్బు వస్తే గడిలో టిక్కు. తక్కువ వస్తే పక్కన చిన్న అక్షరాలతో "బాకీ 3,000" అని రాస్తారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ప్రతి నెలా ఫోన్ చేసి "మొత్తం ఎంత రావాలి నాన్నా?" అని అడిగితే పుస్తకం తిరగేసి కూడి చెప్పాల్సి వచ్చేది. నేను చిన్న వ్యాపారాలకు, ఇంటి ఓనర్లకు లెక్కలు చూస్తాను. 2025 ఆగస్టు నెల లెక్కను షీటులోకి ఎక్కించి, నెలకొక సారాంశం వచ్చేలా చేయమని నన్ను పిలిపించారు.

పుస్తకం ప్రకారం ఆగస్టు ఆఖరుకు 38,500 బాకీ. వేదాయపాలెం పై అంతస్తు కుర్రాడిది 6,000. కావలి రెండో పోర్షన్‌ది 6,500. మిగతా 26,000 ల్యాబ్‌ది. ఆ ల్యాబ్ మేనేజర్‌కు ఆయన అప్పటికే ఫోన్ చేసి గట్టిగా అడిగారు కూడా. పొగతోట రెండో షాపు వరస మాత్రం ఫిబ్రవరి నుంచి ప్రతి గడిలో టిక్కుతో నీటుగా ఉంది. "వీడొక్కడే నాయనా, తేదీ మారినా డబ్బు మారదు" అన్నారు నాతో.

లెక్క కట్టాక తేలిన అసలు బాకీ 24,200. అందులో 20,000 ఆ రెండో షాపుదే. ల్యాబ్ రూపాయి కూడా బాకీ లేదు. ఈ తేడా ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. టిక్కుల పుస్తకం వాడే ఓనర్లందరి దగ్గరా దాదాపు ఇవే కారణాలు కనిపిస్తాయి.

మొదటి సంగతి, బాకీని ఎక్కడా చేత్తో రాయకూడదు. రావాల్సింది ఒక చోట, వచ్చింది ఇంకో చోట రాసి, బాకీని ఆ రెండింటి మధ్య తేడాగా లెక్కలోంచే రానివ్వాలి. పుస్తకంలో "బాకీ 3,000" అని ఒకసారి రాస్తే, తర్వాత ఆ డబ్బు వచ్చినా, దేనికో సర్దుబాటైనా, ఆ అక్షరాలు అలాగే ఉండిపోతాయి. అందుకని గూగుల్ షీట్స్‌లో ముందు రెండు పేజీలు పెట్టాను. `Demand` పేజీలో నెల, కోడ్, దేనికోసం, ఎంత అనే నాలుగు నిలువు వరసలు. `Receipts` పేజీలో తేదీ, కోడ్, మొత్తం, రకం, ప్రతి బ్యాంకు జమకూ ఉండే యూటీఆర్ నంబరు, నోటు. నెల అంటే ఎప్పుడూ ఆ నెల ఒకటో తేదీయే.

కోడ్ విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలి. చాలామంది పోర్షన్‌కు కోడ్ పెడతారు. నేను అద్దెదారుకు పెడతాను. కావలి రెండో పోర్షన్‌లో పాతవాళ్లు `KV2-A`, కొత్తవాళ్లు `KV2-B`. పుస్తకంలోని 6,500 బాకీకి మూలం ఇక్కడే ఉంది. పాతవాళ్లు జూన్ ఆఖరున ఖాళీ చేశారు. జూన్ అద్దె 6,500, కట్టని కరెంటు బిల్లు 840, రెండూ కలిపి 7,340. వాళ్ల అడ్వాన్సు 13,000లోంచి అది మినహాయించుకుని 5,660 తిరిగి ఇచ్చేశారు. లెక్క అక్కడితో తెగిపోయింది. కానీ పుస్తకంలో వరస పోర్షన్ పేరున ఉంది కాబట్టి జూన్ గడి ఖాళీగా మిగిలి, ఆగస్టులో చేరిన కొత్తవాళ్ల నెత్తిన బాకీగా కూర్చుంది. జూలైలో ఇల్లు ఖాళీగా ఉంది. ఆ నెలకు `Demand`లో వరసే పడదు కాబట్టి బాకీ అనే మాటే రాదు.

కొత్తవాళ్లు ఇచ్చిన 13,000 అడ్వాన్సును కూడా ఆయన ఆగస్టు వసూళ్లలో కలిపేశారు. అది అద్దె కాదు, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. దానికి `Advance` అని వేరే పేజీ ఉండాలి. ఎవరి నుంచి ఎంత తీసుకున్నాం, ఏ తేదీన తీసుకున్నాం, వెళ్లేటప్పుడు దేనికి ఎంత మినహాయించాం అన్నది అందులో రాస్తాం.

ఇక ల్యాబ్ సంగతి. వాళ్ల అద్దె నెలకు 52,000, బ్యాంకులో పడేది 46,800. తగ్గిన 5,200 వాళ్లు ఎగ్గొట్టింది కాదు, 10 శాతం టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేటప్పుడే కోసే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ ఇచ్చే భవనం అద్దె నెలకు 50,000 దాటితే ఈ కోత తప్పదు. అంతకుముందు ఏడాదికి 2,40,000 అనే లెక్క ఉండేది. కోసిన డబ్బు ఓనరు పాన్ మీద ప్రభుత్వానికి జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలకు 26,000 ఇలా పోయింది. పుస్తకంలో అదే బాకీ అయి కూర్చుంది.

అలాగని వాళ్లు కోశామన్నారు కదా అని వదిలేయకూడదు. కోసి కట్టకపోతే ఇబ్బంది ఓనరుకే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోసిన దానికి వాళ్లు టీడీఎస్ రిటర్న్ వేయాల్సిన గడువు జూలై 31. కాబట్టి ఆగస్టులో ఓనరు గారి పాన్ మీద జమైన పన్నును చూపించే 26ఏఎస్ తెరిచి చూశాం. మూడు నెలలకు రావాల్సిన 15,600 సరిగ్గా కనిపించింది. జూలై, ఆగస్టులది అక్టోబర్ 31 గడువు దాటాక చూడాలి. షీటులో టీడీఎస్‌ను `Receipts`లోనే ఒక వరసగా వేస్తాను, రకం దగ్గర `TDS` అని. 26ఏఎస్‌లో కనిపించాకే నోటు గడిలో "చూశాం" అని రాస్తాను. అది రాయని వరసలే తర్వాత ల్యాబ్‌ను అడగాల్సినవి.

ఇదే పద్ధతి రిపేర్లకూ పనికొస్తుంది. వేదాయపాలెం కుర్రాడు, కోడ్ `VP5`, ఆగస్టులో మోటార్ కాలిపోతే తన చేతి డబ్బు 1,800 పెట్టి వైండింగ్ చేయించాడు. "అద్దెలో పట్టుకోండి అంకుల్" అన్నాడు, ఓనరు గారు సరే అన్నారు. అది ఇద్దరికీ గుర్తుంది, పుస్తకంలో మాత్రం లేదు. ఇప్పుడు అది `REPAIR` రకంతో ఒక వరస, బిల్లు ఫోటో పేరు నోటులో. డబ్బుగా వచ్చినవి `BANK`, `CASH`. ఓనరు వదిలేసినది `WAIVER`. అడ్వాన్సులోంచి పట్టుకున్నది `ADV`. బాకీని తగ్గించేవన్నీ ఒకే పేజీలో ఉంటాయి, చేతికి వచ్చిన డబ్బు ఏదో, రానిది ఏదో రకాన్ని బట్టి విడిపోతుంది.

సారాంశం పేజీలో ఒక్కో కోడ్‌కు ఒక్కో వరస. `H1` గడిలో నెల ఒకటో తేదీ వేస్తే మిగతా అంతా దానంతట అదే మారుతుంది. `B` నిలువు వరసలో పాత బాకీ, `C`లో ఈ నెల డిమాండ్, `D`లో ఈ నెల జమ, `E`లో ఆఖరు బాకీ. రెండో వరసకు ఫార్ములాలు ఇవి:

```
B2: =SUMIFS(Demand!D:D,Demand!B:B,A2,Demand!A:A,"<"&$H$1)
    -SUMIFS(Receipts!C:C,Receipts!B:B,A2,Receipts!A:A,"<"&$H$1)
C2: =SUMIFS(Demand!D:D,Demand!B:B,A2,Demand!A:A,$H$1)
D2: =SUMIFS(Receipts!C:C,Receipts!B:B,A2,
     Receipts!A:A,">="&$H$1,Receipts!A:A,"<"&EDATE($H$1,1))
E2: =B2+C2-D2
```

దీనిలో గొప్ప తెలివేమీ లేదు, కానీ ఒక లాభం ఉంది. పోయిన నెల ఆఖరు బాకీయే ఈ నెల పాత బాకీగా వస్తుంది, ఎవరూ చేత్తో మోయక్కర్లేదు. మార్చిలో ఎవరైనా వేసిన డబ్బు ఆగస్టులో గుర్తొచ్చి రాసినా, తేదీ మార్చిది వేస్తే చాలు, లెక్క సర్దుకుంటుంది.

`VP5` ఆగస్టు వరస చూద్దాం. అద్దె 6,500, మోటార్ కరెంటుకూ ఊడ్పుకూ 500, నెలకు 7,000. ఏప్రిల్‌లో పూర్తిగా ఇచ్చాడు, మేలో 4,000, జూన్‌లో 7,000, జూలైలో 5,000. పాత బాకీ 5,000. ఆగస్టు డిమాండ్ 7,000 కలిపితే 12,000. ఇచ్చింది 6,000, రిపేరు 1,800. ఆఖరు బాకీ 4,200. పుస్తకంలో ఇతని పక్కన మూడు చోట్ల మూడు బాకీలు కనిపించేసరికి మొండివాడిలా అనిపించాడు. నిజానికి అతని బాకీ ఏ నెలాఖరునా ఒక నెల అద్దె దాటలేదు. జీతం ముక్కలుగా వచ్చే మనిషి, అద్దె కూడా ముక్కలుగా ఇస్తాడు, ఆపడు. అతని మీద టెన్షన్ పడాల్సిన పని లేదని ఓనరు గారికి చూపించగలిగాను.

అసలు చూడాల్సింది పొగతోట రెండో షాపు, `PT2`. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. జనవరి అద్దె 16,000 రాలేదు. ఫిబ్రవరిలో డబ్బు వచ్చినప్పుడు ఆయన ఫిబ్రవరి గడిలో టిక్కు పెట్టారు. అప్పటి నుంచి ప్రతి నెలా ఆ నెల గడిలోనే టిక్కు. ఖాళీ జనవరి గడి పాత పేజీలో ఉండిపోయింది, పేజీ తిరిగాక ఎవరి కంటా పడలేదు. రెండోది, అగ్రిమెంటు ప్రకారం ఏప్రిల్ నుంచి 5 శాతం పెరగాలి, అంటే 16,800. అతను పాత 16,000 వేస్తూనే ఉన్నాడు. టిక్కుకు ఎంత వచ్చిందో తెలియదు, వచ్చిందని మాత్రమే తెలుసు. నెలకు 800 చొప్పున ఐదు నెలలకు 4,000. జనవరిది కలిపితే 20,000.

అద్దె పెంపు విషయంలో షీటు కూడా మోసపోగలదు, అందుకే ఇక్కడ కాస్త జాగ్రత్త పడాలి. కొందరు ఇప్పటి అద్దెను ఒక గడిలో పెట్టి, అన్ని నెలల డిమాండ్‌నూ ఆ గడికి లింకు చేస్తారు. ఏప్రిల్‌లో అద్దె మార్చగానే గడిచిన నెలల డిమాండ్ కూడా మారిపోయి, ఎప్పుడో కట్టేసిన నెలలు మళ్లీ బాకీ చూపిస్తాయి. నేను `Rates` అనే పేజీలో కోడ్, ఏ తేదీ నుంచి, ఎంత అని వరసలుగా రాస్తాను. పెరిగితే కొత్త వరస పడుతుంది, పాతదాన్ని దిద్దను. ప్రతి నెల ఒకటో తేదీన అందులోంచి ఆ నెల అద్దెలు తీసి `Demand`లో అంకెలుగా అతికిస్తాను, ఫార్ములాగా కాదు. అగ్రిమెంటులో పెంపు తేదీ ఉంటే ఆ వరసను అగ్రిమెంటు రాసిన రోజే వేసేస్తాను. అప్పుడు పెంపును ఎవరూ గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి వస్తుంది. షాపతను డబ్బు పంపేటప్పుడు "ఆగస్టు అద్దె" అని నోటు రాస్తే, భారత కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆగస్టుకే జమ కట్టాలి. ఏమీ రాయకపోతే ఏ బాకీకి జమ కట్టుకోవాలో 60వ సెక్షన్ ఓనరుకే వదిలేస్తుంది. మొత్తం బాకీ ఎలాగైనా 20,000 దగ్గరే ఉంటుంది. కానీ అద్దె బాకీకి కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లు, అది ఆ అద్దె ఇవ్వాల్సిన రోజు నుంచి లెక్క. కాబట్టి బాకీ జనవరిదా, ఆగస్టుదా అన్నది ముఖ్యం. అందుకే యూపీఐ నోటులో వాళ్లు ఏం రాశారో అక్షరం మార్చకుండా `Receipts` నోటు గడిలో వేస్తాను. ఇతను ప్రతిసారీ నెల పేరు రాశాడు. అందుకే మిగిలింది జనవరిదే అని తేలింది.

మొత్తం కూడేటప్పుడు ఒక చోట తడబడే ప్రమాదముంది. గోడౌన్ బియ్యం వ్యాపారి, కోడ్ `SH1`, నెలకు 15,000 చొప్పున మూడు నెలలది జూలైలోనే 45,000 వేసేశాడు. ఆగస్టు ఆఖరుకు అతని వరసలో మైనస్ 15,000 ఉంటుంది. `E` నిలువు వరసను మామూలుగా కూడితే 9,200 వస్తుంది. అది చూసి బాకీ తొమ్మిది వేలేనని అనుకుంటాం. ఒకరు ముందుగా ఇచ్చిన డబ్బు ఇంకొకరి బాకీని తీర్చదు. రెండింటినీ విడిగానే కూడాలి:

```
బాకీ:        =SUMIF(E2:E13,">0")
ముందు జమ:  =-SUMIF(E2:E13,"<0")
```

పాత కోడ్ వరస కూడా బాకీ సున్నా అయ్యేదాకా సారాంశంలో ఉండాలి, ఖాళీ చేసి వెళ్లినా సరే. `KV2-A` సున్నా అయ్యాకే తీసేశాం.

ఇదంతా చేశాక ఓనరు గారికీ, కొడుకుకీ వాట్సాప్‌లో వెళ్లిన ఆగస్టు సారాంశం ఇది:

```
ఆగస్టు 2025
ఈ నెల రావాల్సింది: 1,63,300
చేతికి వచ్చింది: 1,41,300 (బ్యాంకు 1,35,300, నగదు 6,000)
డబ్బు కాని జమ: 7,000 (టీడీఎస్ 5,200, మోటార్ 1,800)
బాకీ: 24,200 (PT2 20,000, VP5 4,200)
ముందు జమ: 15,000 (SH1)
కొత్త అడ్వాన్సు: 13,000 (KV2-B), అద్దెలో కలపలేదు
```

దీన్ని పంపే ముందు రెండు చోట్ల సరిచూస్తాను. ఒకటి బ్యాంకు. స్టేట్‌మెంటులో ఆగస్టులో అద్దెదారులు వేసినవన్నీ కూడితే 1,48,300 వచ్చింది. షీటులోని బ్యాంకు మొత్తం 1,35,300కు కొత్త అడ్వాన్సు 13,000 కలిపితే సరిపోయింది. ఈ రెండూ కలవకపోతే సారాంశం పంపను. `Receipts`లోకి ఎక్కించేది కూడా స్టేట్‌మెంటు చూసే, అద్దెదారు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు. పెండింగ్‌లో పడి వెనక్కి పోయిన పేమెంట్లకు కూడా స్క్రీన్‌షాట్ వస్తుంది. ఇంకో చిక్కు, అద్దె భర్త పేరున ఉంటుంది, డబ్బు భార్య ఫోన్ నుంచో తమ్ముడి ఖాతా నుంచో పడుతుంది. ఏ పేరుతో పడితే ఏ కోడ్ అన్నది ఒక చిన్న పట్టికగా రాసి పెట్టుకోవాలి. ఒకే యూటీఆర్ రెండుసార్లు పడితే ఆ గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను.

రెండోది, షీటు లోపలి లెక్క. `VP5` పక్కన కనబడకుండా ఒక స్పేస్ పడితే చాలు, `SUMIFS` ఆ వరసను పట్టుకోదు, కట్టిన మనిషి బాకీదారు అయిపోతాడు. అందుకని ఆ నెల `Receipts` మొత్తంలోంచి సారాంశంలోని `D` మొత్తం తీసేస్తే సున్నా రావాలి. సున్నా కాకపోతే ఏదో వరస ఎవరికీ చెందకుండా గాలిలో ఉందన్నమాట. కోడ్‌ను టైప్ చేయకుండా డ్రాప్‌డౌన్‌లోంచి ఎంచుకునేలా పెడితే ఈ బాధ దాదాపు పోతుంది. తేదీల దగ్గర కూడా చూసుకోవాలి. షీటు సెట్టింగుల్లో లొకేల్ అమెరికాది ఉంటే 05/08 అని వేసిన ఆగస్టు 5ను అది మే 8గా తీసుకుంటుంది. ఏ ఎర్రరూ చూపించదు. మొత్తం బాకీ కూడా మారదు, కానీ ఆగస్టు వసూలు తగ్గి పాత బాకీ మారిపోతుంది. మొదలుపెట్టే రోజే లొకేల్‌ను ఇండియాగా మార్చాలి.

సారాంశం చూశాక ఓనరు గారు నేరుగా `PT2`కు వెళ్లారు, నన్నూ రమ్మన్నారు. గొడవ అవుతుందేమోనని ఆయనకు లోపల ఉంది. నేను ఆ కోడ్ ఒక్కదాని వరసలు, జనవరి నుంచి నెలకు ఎంత రావాలి, ఏ తేదీన ఎంత పడింది అన్నది, ఒక పేజీగా ప్రింటు తీసి షాపతని ముందు పెట్టాను. అతను తన ఫోన్‌లో జనవరి నెల జమలన్నీ వెతికాడు. "నిజమే అన్నా, ఆ నెల సరుకు డబ్బు కట్టేసి మర్చిపోయా. పెంపు సంగతి నాకు ఎవరూ చెప్పలా" అన్నాడు. పెంపు తేడా 4,000 సెప్టెంబర్‌లో ఒకేసారి, జనవరి 16,000 నెలకు 4,000 చొప్పున నాలుగు నెలల్లో, అద్దె ఇకనుంచి 16,800 అని ఒప్పుకున్నాడు. అదే పేజీ కింద రాసి సంతకం పెట్టించాం. సెప్టెంబర్‌లో 24,800 వేశాడు, ఆ నెలాఖరుకు అతని బాకీ 12,000. ల్యాబ్ మేనేజర్‌కు ఓనరు గారే ఫోన్ చేసి, మీ వైపు నుంచి ఏమీ లేదని చెప్పారు.

ఈ షీటు చేయలేనివి ఉన్నాయి. నగదు తీసుకుని రాయకపోతే దానికి తెలిసే దారి లేదు. అందుకే నగదుకు నంబర్లున్న రసీదు పుస్తకం పెట్టించాను, రసీదు నంబరు యూటీఆర్ గడిలోకి వస్తుంది. నంబరు దాటిపోతే రసీదు ఎక్కడో మిగిలిపోయిందని తెలుస్తుంది. ఎంట్రీ ఒకరే చేయాలి, కొడుక్కి చూసే అనుమతి మాత్రమే ఇచ్చాం.

సెప్టెంబర్ నుంచి సారాంశంలో ఇంకో లైను చేర్చాను, ఏప్రిల్ 1 నుంచి ఇప్పటిదాకా అద్దెల మొత్తం. నెలకు 1,63,300 అంటే, ఖాళీలు లేకపోతే, ఏడాదికి 19,59,600. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు సేవల మీద 20 లక్షల హద్దు ఉంది. నివాసపు అద్దె మీద పన్ను లేకపోయినా ఆ హద్దు లెక్కలోకి అది కూడా వస్తుంది. షాపులూ గోడౌనే చూసుకుని "మనం ఇంకా చాలా దూరంలో ఉన్నాం" అని ఓనరు గారు అనుకునేవారు. అద్దెలు సగటున రెండు శాతం పైన పెరిగితే హద్దు దాటుతుంది. 2026 ఏప్రిల్ పెంపు వరసలు `Rates`లో ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, ఏ నెలలో దాటుతుందో ముందే లెక్క తీసి ఆడిటర్ గారికి పంపాం.